కిరాయి పెంపు నోటీసుకు జవాబు: 11,500 బదులు 9,400

నల్లగొండ,
21 ఏప్రిల్ 2025

లింగయ్య సార్ గారికి,
రామగిరి, నల్లగొండ.

విషయం: మొదటి అంతస్తు పోర్షన్ కిరాయి పెంపు గురించి మీ 10 ఏప్రిల్ నాటి నోటీసుకు జవాబు

సార్, నమస్తే.

మీ అబ్బాయితో పంపిన నోటీసు అందింది. మే 1 నుంచి కిరాయి 8,500 బదులు 11,500 ఇవ్వాలని, కుదరకపోతే మే నెలాఖరుకు ఖాళీ చేయాలని అందులో రాశారు. ఇంట్లో కూడా మాట్లాడుకున్నాకే ఇది రాస్తున్నాను. ఈ ఇంట్లోనే ఉండాలన్నది మా ఇద్దరి కోరిక. కిరాయి అస్సలు పెంచొద్దని నేను అనను. కానీ ఒక్కసారిగా 3,000 అంటే నూటికి 35 పైనే పడుతుంది, అంత మోయలేను. మే 1 నుంచి 9,400 ఇస్తాను. అంటే 900 ఎక్కువ, నూటికి పదిన్నర దాటుతుంది. పై అంతస్తుకు సంబంధించిన రెండు పనులు పూర్తయితే ఆ తర్వాతి నెల నుంచి 9,800 ఇస్తాను. ఈ అంకెలు ఎట్లా వచ్చాయో కింద రాశాను.

2023 మార్చిలో మనం రాసుకున్న స్టాంపు పేపరులో నాలుగో షరతు చూడండి. పదకొండు నెలలు గడిచాక ఇద్దరికీ ఇష్టమై కొనసాగిస్తే నూటికి 5 పెంచుకోవాలని ఉంది. ఆ పదకొండు నెలలు 2024 ఫిబ్రవరితో అయిపోయాయి. అప్పుడు మీరు పెంచమని అడగలేదు, పాత కిరాయికే ఉండనిచ్చారు. అది మీ పెద్ద మనసు. అందుకే ఆ పెంపును ఎగ్గొట్టాలని చూడకుండా, వదిలేసిన సారిని కూడా కలిపే లెక్క వేశాను. 8,500 మీద 5 శాతం అంటే 8,925. దాని మీద మళ్ళీ 5 శాతం అంటే 9,371. చిల్లర సరిచేసి 9,400 అన్నాను.

ధరల లెక్కన చూసినా దాదాపు ఇదే అంకె వస్తుంది. దేశంలో చిల్లర ధరల పెరుగుదల 2023-24లో సగటున 5.4 శాతం, 2024-25లో 4.6 శాతం. రెండేళ్లదీ కలిపి 8,500కు వేసినా 9,371 దగ్గరే ఆగుతుంది. ఇంటి పన్ను, రిపేర్లు, సామాన్ల ధరలు పెరిగాయని మీరు రాసింది నిజమే. ఆ పెరిగిన భారం 9,400లో చాలావరకు తీరుతుందని నా లెక్క.

మెడికల్ కాలేజీ వచ్చినంక కిరాయిలు పెరిగాయని, పక్క గల్లీలో రెండు బెడ్రూముల ఇల్లు 12,000కు పోయిందని కూడా రాశారు. ఆ ఇల్లు నేను బయటి నుంచి చూశాను, అక్కడ ఉండేవాళ్లను అడిగాను. దానికి రెండు బాత్రూములు, కారు పెట్టుకునే జాగా ఉన్నాయి, మంచినీళ్ల నల్లా వాళ్ల అంతస్తుకే వస్తుంది. మన పోర్షన్‌కు ఒకటే బాత్రూం, బండి పెట్టే జాగా మాత్రమే. మిషన్ భగీరథ నల్లా కింద మీ గేటు దగ్గరే ఉంది. తాగడానికి, వండడానికి రోజుకు నాలుగు బిందెలు పద్దెనిమిది మెట్లెక్కి మోసుకుంటున్నాం. బోరు నీళ్లు ఫ్లోరైడ్ భయంతో తాగలేం, మన జిల్లాలో ఆ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పోయిన వారం మన గల్లీలో, వెనక గల్లీలో టులెట్ బోర్డులున్న మూడు ఇళ్ల వాళ్లను అడిగాను. మూడూ రెండు బెడ్రూములవే. ఒకరు 9,000, ఒకరు 9,500, ఇంకొకరు 10,000 చెప్పారు. పదివేల ఇంటికి బాత్రూములు రెండు. పైగా ఇవన్నీ బోర్డు మీద చెప్పే ధరలు, బేరమాడితే ఒకటో రెండో వందలు దిగుతాయి.

ఇక ఆ రెండు పనులు. కిరాయి ఎంతకు కుదిరినా వీటిని వదిలేయలేను.

మొదటిది బోరు మోటారు. మోటారు వైరు మన ఇంట్లో మా మీటరు నుంచి ఉంది. ట్యాంకు మాత్రం రెండు అంతస్తులకూ ఒకటే. మోటారు రోజుకు గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్, నెలకు ముప్పై. ముప్పై యూనిట్లే కదా అనిపిస్తుంది, కానీ దెబ్బ శ్లాబు దగ్గర పడుతుంది. వాడకం వంద దాటి రెండు వందల లోపుంటే మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, ఆ పైన రెండు వందల దాకా 4.80 చొప్పున పడుతుంది. రెండు వందలు దాటితే మొదటి రెండు వందలకూ 5.10, ఆ పైన మూడు వందల దాకా 7.70. ఎండకాలంలో మా సొంత వాడకం 195 యూనిట్లు ఉంటుంది. మోటారు లేకపోతే కరెంటు చార్జీ 796 రూపాయలు. మోటారు కలిసి 225 అయితే 1,212 రూపాయల 50 పైసలు. ముప్పై యూనిట్లకు 416 రూపాయల 50 పైసలు అదనంగా కడుతున్నాను. ఫిక్స్‌డ్ చార్జీలు ఇందులో కలపలేదు. పోయిన మే నెల బిల్లు నా దగ్గర ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. దీనికి మార్గం తేలికే. ఎలక్ట్రీషియన్ మోటారు వైరును కింది మీటరుకు మారిస్తే చాలు. నెలకు నా వంతు నీళ్ల ఖర్చు కింద 120 రూపాయలు కిరాయితో పాటు వేస్తాను. మార్చడం ఇష్టం లేకపోతే వద్దు, ఆ 416లో సగం కిరాయిలో తగ్గించండి. రెండిట్లో ఏది చేసినా నాకు సరే.

రెండోది వంటింటి పైకప్పు. పోయిన వానకాలంలో గ్యాస్ పొయ్యి పైన మూలలో చెమ్మ పట్టింది. ఇప్పుడు అక్కడ సున్నం పెచ్చులుగా రాలుతోంది, ఒకచోట ఇనుప చువ్వ తుప్పు కూడా కనబడుతోంది. పోయినాదివారం డాబా ఎక్కి చూశాను. పిట్టగోడ, స్లాబు కలిసే చోట మూరెడు పొడుగు పగులు ఉంది. వాన నీళ్లు పోయే పైపు నోరు ఆకులు, మట్టితో సగం మూసుకుపోయింది. నీళ్లు పోక అక్కడే నిలిచి పగుల్లోకి దిగుతున్నాయి. పైప్ నోరు నేను కడిగేశాను, కానీ పగులుకు అది మందు కాదు. మేస్త్రిని తెచ్చి చూపిస్తే, పగులును వీ ఆకారంలో చెక్కి, దుమ్ము కడిగి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన మసాలాతో నింపి, పైపు వైపు వాలు సరిచేసి, ఆ మీద రెండు కోట్లు పూయాలన్నాడు. కింద రాలిన చోట తుప్పు గీకి మళ్లీ పూత పూయాలి. సామాను, కూలీ కలిపి 6,500 అన్నాడు. జూన్ మొదటి వారంలో వానలు పట్టుకుంటే తడి గోడ మీద పూసిన మందు నిలవదు, కాబట్టి మే నెలలోనే కావాలి. చువ్వ తుప్పు ఎక్కువైతే పెచ్చు పొయ్యి మీద పడుతుందన్న భయం కూడా ఉంది. ఖర్చు ఒకేసారి కష్టమైతే మీ రాతపూర్వక అనుమతితో నేనే చేయించి, బిల్లులు చూపించి, మూడు నెలల కిరాయిలో సమంగా తగ్గించుకుంటాను.

ఈ రెండు పనులూ అయిన తర్వాతి నెల నుంచి 9,800 అనేది అందుకే. అప్పటిదాకా 9,400.

మీ వైపు నుంచి కూడా ఒక లెక్క చూశాను, తప్పుంటే చెప్పండి. మేం ఉంటే 9,400 చొప్పున ఏడాదికి మీకు 1,12,800 వస్తుంది. మేం పోయి, నెల రోజులు ఖాళీగా ఉండి, 11,500కు ఎవరో వచ్చి, బ్రోకర్‌కు సగం నెల కిరాయి ఇచ్చారనుకుందాం. చేతికి 1,20,750. దాచుకోవడం ఎందుకు, అందులో మీకే ఎనిమిది వేల దాకా లాభం. కానీ ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే 1,09,250కే వస్తుంది. లేదా చెమ్మ మూల చూసి వాళ్లు 10,500కు బేరమాడితే, నెలే ఖాళీగా ఉన్నా, 1,10,250 దాటదు. అప్పుడు మాతోనే మేలు. మూడు బోర్డులు మన రెండు గల్లీల్లోనే వేలాడుతుంటే ఖాళీ ఎన్నాళ్లు ఉంటుందో మీరే అంచనా వేయండి.

2023 ఏప్రిల్ నుంచి ఈ నెల దాకా ఇరవై అయిదు నెలల కిరాయి ప్రతిసారీ అయిదో తారీఖు లోపే మీ ఖాతాలో పడింది. ఫోన్‌లో లావాదేవీల జాబితా ఉంది, కావాలంటే ముద్రించి ఇస్తాను. కొత్త ఒప్పందంలో ఈ మాటలు రాసుకుందాం: మే 1 నుంచి 2026 మార్చి 31 దాకా, పదకొండు నెలలు. కొనసాగితే 5 శాతం పెంపు, ఆ పెంపు ఎప్పుడు అన్నది తేదీతో సహా రాద్దాం, ఈసారి లాగా రెండేళ్ల బరువు ఒకేసారి మీద పడకుండా. ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా రెండు నెలల ముందు రాతగా చెప్పాలి. అడ్వాన్స్ ఇప్పుడున్న 17,000కు 1,800 కలిపి 18,800 చేస్తాను. రంగులు వేయించే ఖర్చు పాత ఒప్పందంలో ఉన్నట్టే నాదే. స్టాంపు పేపరు, రాత ఖర్చు కూడా నేను పెట్టుకుంటాను.

మన మాట తేలేలోపు మే కిరాయి వేయాల్సి వస్తే 9,400 వేస్తాను. దాన్ని 11,500కు నేను ఒప్పుకున్నట్టుగానీ, మిగతా 2,100 బాకీ ఉన్నట్టుగానీ లెక్కించొద్దని మనవి.

ఒకవేళ మీకు 11,500 కన్నా తక్కువ పనికిరాదు అంటే ఆ మాట మే 5 లోపు చెప్పండి సార్. పిల్లల బడి జూన్ 12న తెరుస్తారు. కొత్త ఇల్లు వెతుక్కుని, సామాను దించుకుని, బడి మొదలయ్యేలోపు సర్దుకోవాలంటే ఆ పాటి గడువు కావాలి. అట్లా అయితే మే నెలాఖరు బదులు జూన్ 10 దాకా ఉండనివ్వండి, ఆ పది రోజులకు రోజు లెక్కన కిరాయి ఇస్తాను.

27వ తారీఖు ఆదివారం పొద్దున పది గంటలకు మీకు వీలైతే కింద కూర్చుని మాట్లాడుకుందాం. మేస్త్రిని కూడా రమ్మంటాను, పైకప్పు మీరే స్వయంగా చూసినట్టు ఉంటుంది. డాబా తాళం చెవి ఆ రోజు వెంట ఉంచండి.

అమ్మ గారికి మా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ కిరాయిదారు
సైదులు
మొదటి అంతస్తు, రామగిరి

జత చేసినవి: 2024 మే కరెంటు బిల్లు నకలు, వంటింటి మూల, పిట్టగోడ పగులు ఫొటోలు నాలుగు, మేస్త్రి రాసిచ్చిన అంచనా చీటీ, 2023 ఒప్పందంలో నాలుగో షరతు ఉన్న పేజీ నకలు.