పాల లెక్కలో 6,391.80 ఎలా వచ్చింది: మూడు తప్పులు, సరిచేసిన షీట్

నమస్కారం అండీ. పాలు పోసే ఒక సభ్యుడి ఆరు రోజుల బిల్లుకు ఎక్సెల్ షీట్‌లో 6,391.80 ఎలా వచ్చిందని అడుగుతూ మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఈ మొత్తంతో బిల్లు ఇవ్వకండి. ఆ సభ్యుడికి ఆరు రోజులకు రావాల్సింది 3,329.55 రూపాయలు, పోసిన పాలు 69.2 లీటర్లు. మీ షీటు 6,391.80 రూపాయలు, 112.4 లీటర్లు అంటోంది. రెండూ తప్పే, కానీ రెండూ ఒకే కారణంతో తప్పలేదు. ఒక్క ఫార్ములా దిద్దితే మిగతా తప్పులు అలాగే ఉండిపోతాయి, అందుకే ఒక్కొక్కటీ విడదీసి చెబుతున్నాను.

స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తున్నవి, నేను చదివినట్టుగా:

```
వరస   C లీటర్లు  D ఫ్యాట్  E ధర    F మొత్తం
2     6.5      6.4     48.00   312.00
3     5.0      6.8     51.00   255.00
4     6.0      6.2     46.50   279.00
5     5.5      6.6     49.50   272.25
6     6.2      6.0     45.00   279.00
7     4.8      6.4     48.00   230.40
8     23.7                     1627.65
9     6.4      6.2     46.50   297.60
10    5.2      6.6     49.50   257.40
11    6.3      6.4     48.00   302.40
12    5.3      6.8     51.00   270.30
13    6.6      6.2     46.50   306.90
14    5.4      6.6     49.50   267.30
15    29.8                     1434.60
16    112.4    6.43            6391.80
```

రోజుకు రెండు పూటలు, పూటకో వరస. 8వ వరస మొదటి మూడు రోజుల ఉపమొత్తం, 15వ వరస తర్వాతి మూడు రోజులది, 16వ వరస ఆరు రోజుల మొత్తం. H1లో 7.50 ఉంది, అంటే లీటరుకు ఒక్కో ఫ్యాట్ శాతానికి ఏడున్నర. E కాలమ్ ఆ లెక్కకు సరిగ్గా సరిపోతోంది, కాబట్టి ధరలో తప్పు లేదు. 12 పూటల F విలువలు కూడా ఒక్కొక్కటిగా గుణించి చూశాను, అన్నీ సరి. తప్పంతా కూడికల్లోనే ఉంది.

ఫార్ములాల జోలికి వెళ్లక ముందే తప్పు బయటపడే దారి ఒకటుంది. మొత్తాన్ని లీటర్లతో భాగించండి. 6391.80ని 112.4తో భాగిస్తే లీటరుకు 56.87 వస్తుంది. మీ షీట్‌లో అత్యధిక ధరే 51. సగటు ఎప్పుడూ అత్యధికాన్ని దాటదు. 8వ వరసలో ఇంకా ఘోరం: 1627.65 ÷ 23.7 = 68.68. ఈ ఒక్క భాగహారం ప్రతి బిల్లు మీదా చేసుకుంటే చాలా తప్పులు ఇంటి గడప దాటవు. అయితే 15వ వరస ఇక్కడ మోసం చేస్తుంది. 1434.60 ÷ 29.8 = 48.14, చూడ్డానికి చక్కగా ఉంది, కానీ ఆ వరసా తప్పే. ఒక పూట మొత్తంగా లెక్కలోంచి జారిపోతే లీటర్లూ డబ్బూ కలిసే తగ్గుతాయి, కాబట్టి నిష్పత్తిలో తేడా కనబడదు.

ముందు 23.7 సంగతి. C2 నుంచి C7 వరకు చేత్తో కూడితే 34.0 రావాలి. తేడా 10.3. ఏ రెండు సంఖ్యలు కలిస్తే 10.3 అవుతుందో చూడండి: C5లో 5.5, C7లో 4.8. స్క్రీన్‌షాట్‌లో ఆ రెండూ సెల్‌లో ఎడమవైపుకి జరిగి ఉన్నాయి, పై మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా ఉంది. అవి అంకెల్లా కనిపిస్తున్నాయి గానీ ఎక్సెల్ దృష్టిలో అక్షరాలు. పాల మెషీన్ ఫైలు నుంచో, వాట్సాప్ మెసేజ్ నుంచో కాపీ చేసి అతికిస్తే ఇలా వస్తుంటాయి.

మరి డబ్బు ఎందుకు తప్పలేదు? F5లో ఫార్ములా గుణకారం. `*` గుర్తు కనబడితే ఎక్సెల్ "5.5" అనే అక్షరాలను అంకెగా మార్చుకుని గుణిస్తుంది. `SUM` అలా చేయదు. సెల్‌ల వరస ఇస్తే అందులో అక్షరాలున్న సెల్‌లను ఏ హెచ్చరికా లేకుండా దాటేస్తుంది. అందుకే డబ్బు 1627.65 సరిగ్గా ఉంది, లీటర్లు మాత్రం తగ్గాయి. వెబ్ పేజీల నుంచి వచ్చే ఒక రకం ఖాళీ అంకె పక్కన అంటుకుని ఉంటే F5లో `#VALUE!` కనబడేది. అది లేదు కాబట్టి మీ సెల్‌లలో ఆ చెత్త లేదు, మార్చడం సులువు.

నిర్ధారించుకోవడానికి ఏదైనా ఖాళీ సెల్‌లో:

```
=COUNT(C2:C7)
=COUNTA(C2:C7)
```

మొదటిది అంకెలనే లెక్కపెడుతుంది, రెండోది ఖాళీ కాని ప్రతి సెల్‌నూ. మీకు 4, 6 వస్తాయి. రెండూ 6 అయ్యేదాకా ముందుకు వెళ్లకండి.

సరిచేయడానికి C2 నుంచి C7 దాకా ఎంచుకుని, పైన Data ట్యాబ్‌లో Text to Columns నొక్కి, వచ్చిన పెట్టెలో వెంటనే Finish నొక్కండి. అంకెలు కుడివైపుకి జరుగుతాయి. చాలామంది ఇక్కడ సెల్ ఫార్మాట్‌ను Number అని మార్చి వదిలేస్తారు. దానివల్ల ఏమీ జరగదు. ఫార్మాట్ మారుతుంది గానీ లోపలి అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. C9 నుంచి C14 వరకు, D కాలమ్‌కు కూడా ఇదే చేసేయండి, ఇబ్బంది లేదు.

రెండో తప్పు 15వ వరస. F9 నుంచి F14 వరకు కూడితే 1701.90. షీట్‌లో ఉన్నది 1434.60. తేడా 267.30, అది అచ్చంగా F14 విలువ. లీటర్లలోనూ తేడా 5.4, అదే C14. అంటే ఫార్ములా `=SUM(F9:F13)` దగ్గర ఆగిపోయింది. చివరి పూటకు వరస చాలక, ఉపమొత్తానికి సరిగ్గా పైన ఒక కొత్త వరస చేర్చి ఉంటారు. వరసల మధ్యలో చేరిస్తే ఎక్సెల్ పరిధిని తనే పెంచుతుంది. పరిధి చివరి సెల్ కింద చేరిస్తే, కొత్త వరస పరిధికి బయట పడుతుంది. కొన్ని సందర్భాల్లో అంకె టైపు చేయగానే ఎక్సెల్ పరిధిని పొడిగిస్తుంది, అతికిస్తే చాలాసార్లు పొడిగించదు. డబ్బు లెక్కలో దాని మీద ఆధారపడకూడదు. కొత్త పూట కావాలంటే 14వ వరస మీద కుడి బటన్ నొక్కి Insert చేయండి, అంటే చివరి పూటకు పైన. తర్వాత తేదీల క్రమం దిద్దుకోవచ్చు.

ఇక అసలు పెద్ద తప్పు. స్క్రీన్‌షాట్ తీసినప్పుడు మీరు F16 మీద ఉన్నారు, కాబట్టి ఫార్ములా బార్‌లో అది కనిపిస్తోంది:

```
=SUM(F2:F15)
```

ఈ పరిధిలో 12 పూటలూ ఉన్నాయి, వాటి ఉపమొత్తాలు F8, F15 కూడా ఉన్నాయి. ప్రతి పూట డబ్బూ ఒకసారి తనుగా, ఇంకోసారి ఉపమొత్తంలో, రెండుసార్లు కలిసింది. ఒక్క F14 మాత్రం ఉపమొత్తంలో లేదు కాబట్టి ఒకేసారి కలిసింది. లెక్క చూడండి: 3329.55 × 2 = 6659.10, అందులోంచి 267.30 తీస్తే 6391.80. మీ షీట్‌లోని అంకె పైసలతో సహా దొరికింది. లీటర్లకూ అంతే: 69.2 × 2 = 138.4, ఎడమకు జరిగిన రెండు సెల్‌లు రెండు చోట్లా పోయాయి కాబట్టి 20.6 తీసి, జారిపోయిన పూటకు 5.4 తీస్తే 112.4. ఇలా పైసా పైసా కుదిరిందంటే కూడికల్లో ఇంకో తప్పు దాక్కుని లేదని ధైర్యంగా చెప్పవచ్చు.

దీనికి సరైన మందు `SUBTOTAL`. అది తన పరిధిలో ఇంకో `SUBTOTAL` ఉన్న సెల్ వస్తే దాన్ని కలపదు. మొదటి అంకె 9 అంటే కూడిక. ఉపమొత్తాలకూ, చివరి మొత్తానికీ ఇదే వాడాలి. ఉపమొత్తాలు `SUM`గానే ఉంచి చివరిది మాత్రం మారిస్తే మళ్లీ రెండింతలే వస్తుంది.

```
F8:   =SUBTOTAL(9,F2:F7)
F15:  =SUBTOTAL(9,F9:F14)
F16:  =SUBTOTAL(9,F2:F15)
```

C8, C15, C16లలో ఇవే, F బదులు C. ఇప్పుడు లీటర్లు 34.0, 35.2, 69.2, డబ్బు 1627.65, 1701.90, 3329.55 రావాలి. ఒక జాగ్రత్త: ఫిల్టర్ పెట్టి ఉదయం పూటలే చూస్తుంటే `SUBTOTAL` కనిపించే వరసలనే కూడుతుంది. బిల్లు రాసే ముందు ఫిల్టర్ తీసేయండి.

మీరు అడగలేదు గానీ D16లోని 6.43 కూడా మార్చాలి. అది 12 ఫ్యాట్ అంకెల మామూలు సగటు. మీ దగ్గర ఎక్కువ పాలు వచ్చే పూట ఫ్యాట్ తక్కువగా ఉంది, ఉదయం 6.6 లీటర్లకు 6.2 లాగా. మామూలు సగటు 4.8 లీటర్లకూ 6.6 లీటర్లకూ ఒకే బరువు ఇస్తుంది. ఆ సగటుతో బిల్లు కట్టేవాళ్లుంటే 69.2 × 6.4333 × 7.50 = 3338.90 వస్తుంది, అసలుకన్నా 9.35 ఎక్కువ. లీటర్లతో తూచిన సగటు ఇదీ:

```
=SUMPRODUCT(C2:C14,D2:D14)/SUBTOTAL(9,C2:C14)
```

జవాబు 6.42. D8 ఖాళీగా ఉన్నంతవరకే ఇది సరి. అక్కడ ఉపసగటు లాంటిదేదైనా రాస్తే C8లోని 34 దానితో గుణించి వచ్చి చేరుతుంది.

F2ను ఇలా మార్చి కిందికి లాగండి, 8, 15 వరసలను వదిలేసి:

```
=ROUND(C2*D2*$H$1,2)
```

ఈ నెల అంకెల్లో తేడా రాదు. కానీ 5.5 లీటర్లు, 6.5 ఫ్యాట్ వచ్చిన రోజు 268.125 అవుతుంది. తెరమీద రెండు దశాంశాలే కనిపిస్తాయి, మూడోది లోపల దాగి కూడికలో కలుస్తుంది. రైతు స్లిప్పులోని అంకెలు కూడుకుంటే మీ మొత్తంతో పైసలు కలవవు. H1కి డాలర్ గుర్తులు తప్పనిసరి; లేకపోతే కిందికి లాగినప్పుడు H2, H3 అయిపోయి సున్నాలు వస్తాయి.

చివరగా F17లో ఈ కాపలా పెట్టండి:

```
=IF(AND(ABS(F16-F8-F15)<0.01,
ABS(F16-SUMPRODUCT(C2:C14,D2:D14)*$H$1)<0.1),
"సరి","తేడా ఉంది")
```

పూట ఏదైనా ఉపమొత్తం నుంచి జారితే మొదటి భాగం పట్టుకుంటుంది. లీటర్లు అక్షరాలుగా వస్తే రెండోది పట్టుకుంటుంది, ఎందుకంటే కామాతో రాసిన `SUMPRODUCT` అక్షరాలను సున్నాగా తీసుకుంటుంది. 0.1 ఇచ్చింది పైసల సర్దుబాటు కోసం.

మార్చాక Ctrl నొక్కి పట్టి 1 అంకెకు ఎడమనున్న ` మీట నొక్కండి, ఫార్ములాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపండి, విలువలది కాదు. అదే ఫైలును మిగతా సభ్యులకూ కాపీ చేసి వాడుతున్నట్టైతే, ఇప్పటికే ఇచ్చిన బిల్లులు కూడా తీసి ఒక్కోదాన్ని లీటర్లతో భాగించి చూడండి. ఉపమొత్తం వరసలను విడిగా తిరిగి కూడండి, ఎందుకంటే జారిపోయిన పూట డబ్బు ఆ భాగహారానికి దొరకదు, అది రైతుకు రావాల్సిన డబ్బు.