సద్దుల బతుకమ్మ సాయంత్రం: స్టేజీ ఎల్ఈడీ వాల్ లూప్ ప్లాన్

స్థలం: హనుమకొండలో కాలనీ గ్రౌండ్. స్క్రీన్ నడిచేది సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా. బతుకమ్మలు స్టేజీ ముందు నేల మీదే పేరుస్తారు, ఆట కూడా అక్కడే. జనం చూపు ఉండాల్సింది అక్కడ, స్క్రీన్ వెనక వెలుతురు మాత్రమే. వ్యాఖ్యానం లేదు, అక్షరాలు లేవు, ఫైళ్లలో ఆడియో ట్రాక్ ఉండకూడదు. పాట అంతా మైకు నుంచే.

40 సెకన్ల లూప్ నాలుగు గంటల్లో 360 సార్లు తిరుగుతుంది. అతుకు దగ్గర చిన్న కుదుపు ఉంటే అది 360 సార్లు కనపడుతుంది. మొదటిసారి ఎవరూ పట్టించుకోరు. పదోసారికి ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ కూడా పట్టేస్తుంది.

స్క్రీన్ లెక్క

3.9 పిచ్ ప్యానెళ్లు, ఒక్కోటి 500 మి.మీ. చదరం, 128 × 128 పిక్సెళ్లు. అడ్డంగా 16, నిలువుగా 7. అంటే 8 × 3.5 మీటర్లు, 2048 × 896 పిక్సెళ్లు. మొత్తం 18.35 లక్షల పిక్సెళ్లు. ప్రాసెసర్ నుంచి ఒక్కో పోర్టుకు దాదాపు 6.5 లక్షలే పోతాయి కాబట్టి మూడు పోర్టులు కావాలి. 2048 అనేది 1920 కంటే ఎక్కువ. ల్యాప్‌టాప్‌ని మామూలు ఫుల్ హెచ్‌డీలో వదిలేస్తే ప్రాసెసర్ బొమ్మని సాగదీస్తుంది, పూలు మసకబారతాయి. కస్టమ్ రిజల్యూషన్ 2048 × 896, 50 హెర్ట్జ్ పెట్టాలి.

50 దగ్గర రాజీ లేదు. ఫైలు 50 ఫ్రేములు, అవుట్‌పుట్ 60 హెర్ట్జ్ అయితే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు పడుతుంది, మెల్లగా తిరిగే బొమ్మ వణుకుతుంది. ల్యాప్‌టాప్ 50 ఇవ్వనంటే అప్పుడు 60 ఫ్రేముల వెర్షన్ వాడాలి: అవే 40 సెకన్లు, 2400 ఫ్రేములు. రెండూ రెండర్ చేసి పెట్టుకోండి.

వాల్ అడుగు నుంచి 300 పిక్సెళ్లు, అంటే దాదాపు 1.2 మీటర్లు, పాడేవాళ్ల వెనక పోతుంది. అక్కడ ఏ వివరమూ వద్దు, ముదురు కుంకుమ రంగు నలుపులోకి దిగిపోవాలి. ఎక్కడా తెలుపు 40 శాతం దాటకూడదు. దాటితే పాడేవాళ్ల ముఖాలు కెమెరాలో నల్లబడతాయి.

లూప్ ఎ: పూల వలయాలు, 40 సెకన్లు, 2000 ఫ్రేములు

పై నుంచి చూసిన బతుకమ్మ, మధ్యబిందువు (1024, 420). మూడు వలయాలు. బయటిది తంగేడు, వ్యాసార్ధం 400 పిక్సెళ్లు, 24 పూలు. నడిమిది గునుగు, 280, 18 పూలు. లోపలిది బంతి, 160, 12 పూలు.

వలయం 40 సెకన్లలో పూర్తి చుట్టు తిరిగితే మరీ హడావుడి. తిరగక్కర్లేదు కూడా. తంగేడులో మూడు రకాల పూలు గీసి, ఆ మూడింటినీ ఎనిమిది సార్లు వరుసగా పేర్చండి. అప్పుడు 45 డిగ్రీలు తిరిగితే చాలు, బొమ్మ మొదటి స్థితిలాగే కనపడుతుంది. గునుగు రంగులద్దిన పువ్వు కాబట్టి గులాబీ, నీలం, తెలుపు, ఈ మూడే ఆరు సార్లు: 60 డిగ్రీలు, ఎదురు దిశలో. బంతి పన్నెండూ ఒకటే పువ్వు: 30 డిగ్రీలు. ఎవరైనా ముచ్చటపడి ఒక్క పువ్వు రంగు మార్చారా, ఆ పువ్వు అతుకు దగ్గర గెంతుతుంది. అడుగున చీకటి చేసే మాస్క్ వలయంతో తిరగకూడదు, విడిగా కదలకుండా ఉండాలి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో తంగేడు వలయానికి కీఫ్రేములు రెండే: 0లో 0 డిగ్రీలు, 2000లో 45. కాంప్ మాత్రం 1999తో ఆగాలి. 2000వ ఫ్రేము 0కి నకలు. దాన్ని కూడా రెండర్ చేస్తే ఒకే బొమ్మ రెండు ఫ్రేములు నిలబడి చిన్నగా ఆగినట్టు ఉంటుంది. కదలిక లీనియర్‌గానే ఉండాలి. ఈజ్ పెడితే ప్రతి 40 సెకన్లకూ బతుకమ్మ ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదిస్తుంది.

బయటి వలయం అంచు ఫ్రేముకు 0.16 పిక్సెల్ మాత్రమే కదులుతుంది. ఇంత నెమ్మదిలో సన్నటి గీతలు ఈ పిచ్ మీద చీమలు పాకినట్టు మినుకుతాయి. రేకుల అంచులకు 2 పిక్సెళ్ల బ్లర్ తప్పనిసరి.

వలయాల చుట్టూ తొమ్మిది దీపాలు. మామూలు విగిల్ పెడితే చివర మొదటికి కలవదు. ఒపాసిటీ మీద ఈ ఎక్స్‌ప్రెషన్ వేయండి:

```
loopTime = 8;
t = time % loopTime;
a = wiggle(2, 12, 1, 0.5, t);
b = wiggle(2, 12, 1, 0.5, t - loopTime);
linear(t, 0, loopTime, a, b)
```

ఒపాసిటీ మూల విలువ 70. తొమ్మిదీ ఒకే 8 సెకన్ల లయలో పడకుండా కొన్నిటికి 5, కొన్నిటికి 10 ఇవ్వండి. మూడూ 40ని నిశ్శేషంగా భాగిస్తాయి. 7 ఇస్తే చెడుతుంది. నేపథ్యంలో ఫ్రాక్టల్ నాయిస్ పొగకు Cycle Evolution టిక్ పెట్టి, ఎవల్యూషన్ సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. రంగు చారలు పడకుండా వేసే గ్రెయిన్‌కి లూప్ అక్కర్లేదు. అది ప్రతి ఫ్రేములో కొత్తదే కాబట్టి దానికి అతుకే లేదు.

లూప్ బి: రాలే రేకులు, 20 సెకన్లు, పారదర్శకం

ఇది ఎ మీద పై లేయర్. పదహారు రేకులు, ఒక్కోటి 20 సెకన్లలో 1000 పిక్సెళ్లు దిగుతుంది (తెర 896, మిగతా 104 పైనా కిందా కనపడని చోటు). అంటే ఫ్రేముకు సరిగ్గా ఒక పిక్సెల్. పక్కకు ఊగడం 5 సెకన్ల సైన్, తనచుట్టూ తిరగడం ఒకటి లేదా రెండు పూర్తి చుట్లు. మొదలు ఎప్పుడైనా ఫరవాలేదు, ప్రతి రేకూ తనంతట తానే 20 సెకన్ల లూప్. ఆఫ్‌సెట్లు ఎగుడుదిగుడుగా ఇవ్వండి, సమాన దూరం ఇస్తే కవాతులా ఉంటుంది. పార్టికల్ ఎఫెక్ట్‌తో చేసి చివర క్రాస్‌ఫేడ్ చేసే అలవాటు ఇక్కడ వద్దు, ఫేడ్‌లో రేకులు దెయ్యాల్లా మాయమై ఇంకోచోట తేలతాయి.

లూప్ సి: చెరువు నీళ్లు, 40 సెకన్లు

నిమజ్జనానికి బయల్దేరే వేళకు. అలల టెక్స్చర్ రెండు పొరలు, ఒకటి కుడికి 2048 పిక్సెళ్లు, ఒకటి ఎడమకు 1024. రెండో టైలు వెడల్పు 1024 కాబట్టి అదీ కలుస్తుంది. దీపాల ప్రతిబింబాలకు పై కోడే.

రెండర్, పరీక్ష

```
ffmpeg -framerate 50 -i A_%04d.png -frames:v 2000 -an \
  -c:v hap -format hap_q bathukamma_A.mov
```

బికి `hap_alpha`, 1000 ఫ్రేములు. ఎ, సిలకు మామూలు హ్యాప్ వాడితే ముదురు రంగుల్లో మెట్లు పడతాయి, అందుకే క్యూ. హెచ్.264 వద్దు, మళ్లీ మొదటికి దూకేటప్పుడు కొన్ని ప్లేయర్లు తడబడతాయి. ఎ ఫైలు దాదాపు 3.7 జీబీ వరకు, సెకనుకు 90 ఎంబీ పైన చదవాలి: పెన్‌డ్రైవ్ నుంచి నడపకండి, ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీలోకి దించండి.

అతుకు చూడాలంటే టైమ్‌లైన్‌ని సగానికి జరపండి: 1000 నుంచి 1999, వెంటనే 0 నుంచి 999. అతుకు నడిమికి వస్తుంది. కుదుపు ఉంటే ఒక్కో లేయర్ ఆపుతూ పట్టుకోండి. ఆ తర్వాత వాల్ మీదే పది నిమిషాలు నడపండి, మానిటర్ మీద బాగున్నంత మాత్రాన చాలదు.

సాయంత్రం వరుస

6:00కి నలుపు నుంచి ఎ, 10 సెకన్ల ఫేడ్. 6:30కి ఆట మొదలవగానే బి 60 శాతం ఒపాసిటీ వరకు, 4 సెకన్లలో. తాళానికి కలపొద్దు, పాట వేగం పాడేవాళ్లది. అతిథులు మాట్లాడేటప్పుడు బి సున్నా, ఎ 60 శాతం. 9:30కి సి, 8 సెకన్ల క్రాస్‌ఫేడ్. 10కి 15 సెకన్లలో నలుపు. ఆ లోగా జనరేటర్ మారితే ప్లేయర్‌ని ఎ నుంచే మొదలుపెట్టండి, ఎక్కడ ఆగిందో వెతకొద్దు.