మధ్యయుగ వర్తకం, శ్రేణులు, పట్టణాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఆదివారం టెస్టు అయ్యాక మన ద్వారకానగర్ గ్రూప్-2 బ్యాచ్ వాళ్లు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలివి. ఒకేలా ఉన్నవి కలిపేశాను. పేపర్లు దిద్దుతుంటే నాకు కనబడిన పెద్ద లోపం ఒక్కటే. పట్టణాన్ని ఒక గడిలో, గ్రామాన్ని ఇంకో గడిలో పెట్టి మధ్యన గీత గీసేస్తున్నారు. ఆ గీత మీద నడిచిన సరుకు గురించి ఎవరూ రాయట్లేదు.

శ్రేణి అంటే ఇప్పటి కార్మిక సంఘం లాంటిదేనా?

కాదు. గాజువాకలో యూనియన్ వాళ్లు ధర్నా చేసేది జీతమిచ్చే యాజమాన్యం మీద. శ్రేణి అంటే ఒకే వృత్తివాళ్లో వర్తకులో కలిసి కట్టుకున్న సంఘం, అందులో సభ్యులే యజమానులు. కట్టుబాట్లు పెట్టుకునేదీ, గుడికి దానాలిచ్చేదీ, రాజుతో మాట్లాడేదీ వాళ్లే. ఇలాంటి శ్రేణులకి మన శాసనాల్లో తరచుగా కనిపించే పేరు ‘సమయం’. జవాబులో ఆ మాట వాడండి.

ఉదాహరణకి తెలికి వేవురు. నూనె గానుగలవాళ్లు కదా, వాళ్లకేం పలుకుబడి అనుకోకండి. 1086 నాటి టేకి తామ్ర శాసనంలో వేంగిని ఏలిన చోడగంగు వీళ్లకి ఇచ్చిన మర్యాదలున్నాయి. పెళ్లయిన జంట పట్టణ వీధుల్లో గుర్రమెక్కి ఊరేగొచ్చు. తర్వాత రాజు పాదాల దగ్గర జత బట్టలు పెట్టి మొక్కితే, బంగారు పాత్రలో తాంబూలం అందుతుంది. పన్ను రాయితీ కన్నా ఇదే వాళ్లకి ఎక్కువ అయి ఉంటుందని నా అభిప్రాయం. ఊరంతా చూసే గౌరవం కదా.

అయ్యావళి అయినూర్వరు ఇంకో రకం. కర్ణాటకలోని ఐహొళె పేరుతో మొదలై దేశదేశాలు తిరిగిన వర్తకులు. సుమత్రా దీవిలోని బారుస్‌లో వీళ్ల తమిళ శాసనం ఉంది, 1088 నాటిది. ఈ సంవత్సరం బిట్‌గా అడగొచ్చు.

మోటుపల్లి అభయ శాసనం ఎందుకంత ముఖ్యం?

ఇది 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించినది. అంతకుముందు గాలివానకి ఓడ దారి తప్పి, పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజుదే. బతికి బయటపడ్డ వర్తకుడికి చేతిలో ఏమీ మిగలదు. అలాంటి రేవుకి ఎవరొస్తారు? గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. దయతో ఇచ్చాడని మాత్రమే రాస్తే సగం మార్కులే. ఓడలొస్తేనే సుంకం వస్తుంది, ఆ లెక్క కూడా రాయండి. రుద్రమదేవి కాలపు ఈ రేవు గురించి మార్కో పోలో వజ్రాలు, సన్నటి నూలు బట్టలు అని రాశాడు.

పట్టణానికీ గ్రామానికీ తేడా ఎలా రాయాలి?

జనాభాతో మొదలుపెట్టకండి. పనికి కూలి ఎలా ముట్టేదో, అక్కడ మొదలుపెట్టండి. గ్రామంలో కమ్మరి ఏడాది పొడుగునా నాగలి కర్రు సాన పట్టేవాడు. పని చేసిన ప్రతిసారీ డబ్బులు అడగడు. పంట నూర్చాక కళ్లంలోనే తన వంతు ధాన్యం కొలిపించుకునేవాడు. వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి అందరిదీ అదే దారి. విజయనగర కాలానికి దీన్నే ఆయగార్ల వ్యవస్థ అంటాం. పట్టణంలో సాలెవాడు నేసిన బట్ట తెలియని మనిషికి అమ్ముడుపోవాలి. అందుకే అక్కడ నాణెం, ధర, సుంకం, తూకం, వాటిని కాపాడే సమయం. గ్రామపు కమ్మరికి పని పోతుందన్న భయం లేదు, పెద్దగా సంపాదించే దారీ లేదు. పట్టణపు సాలెకి రెండూ ఉన్నాయి.

ఇప్పుడు గీత చెరిపేయండి. పట్టణం తినే ధాన్యం, గానుగాడే నువ్వులు, మగ్గానికి పత్తి అన్నీ పల్లె నుంచే. వారపు సంతలో రెండూ కలుసుకునేవి. గుడి కూడా కలిపేది. మన సింహాచలం శాసనాల్లో అఖండ దీపాలకి ఇచ్చిన దానాలు చూడండి. దాత ఆవులనిస్తే, మేపేవాడు గుడికి నెయ్యి కొలిచి పోయాలి. కొండ మీద దీపం వెలగాలంటే కొండ కింద పాడి ఉండాలి.

యూరప్ గిల్డులతో పోల్చొచ్చా?

పోల్చండి, రెండు మూడు వాక్యాల్లో. అక్కడ కుర్రాడు ఏళ్ల తరబడి మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, నేర్పు రుజువు చేసుకుని సభ్యుడయ్యేవాడు. మన దగ్గర వృత్తి ఎక్కువగా పుట్టుకతో వచ్చేది. చాలా యూరప్ పట్టణాల్లో ప్రభువు దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన అర్ధదాసుడు ఏడాది మీద ఒక రోజు ఉండిపోతే స్వేచ్ఛ పొందేవాడు. ఇది మన పట్టణాలకి అంటించకండి.

అప్పట్లో మన విశాఖ కూడా పట్టణమేనా సార్?

అవును. శాసనాల్లో దీనికి కులోత్తుంగచోళపట్టణం అన్న పేరుంది, మొదటి కులోత్తుంగుడి (1070–1122) పేరు మీద. అంటే రాజు తన పేరు పెట్టదగ్గ రేవే. ఒకరు మాత్రం ఇప్పటి హార్బర్‌ని చోళుల లెక్కలో వేసేశారు. అది 1933లో తెరిచింది. కొట్టేసి మళ్లీ రాయండి, బుధవారం చూస్తాను.