గండికోట ఫొటోలో ఆ గళ్ళు ఎక్కడివి?

ఎనిమిదో తరగతి పిల్లలకు,

గండికోట విహారయాత్రలో నా ఫోన్‌తో తీసిన ఫొటోను శనివారం తరగతిలో పెద్ద తెర మీద చూపించినప్పుడు, దూరంగా కోటగోడ మీద కూర్చున్న పిల్లవాడెవరో తేల్చుకోవాలని మీరంతా "ఇంకొంచెం పెద్దది చేయండి సార్" అని పట్టుబట్టారు. పెద్దది చేసేకొద్దీ ముఖం తేటపడకపోగా గోధుమరంగు, నలుపు, బూడిదరంగు గళ్ళుగా విడిపోయింది. ఫొటో చెడిపోయిందని ఒకరు, ఫోను పాతదని ఇంకొకరు అన్నారు. ఈ రెండింట్లో ఏదీ కారణం కాదు. ఇంతలో గంట కొట్టారు కాబట్టి, అప్పుడు చెప్పలేకపోయినది ఇప్పుడు రాసి గోడపత్రికలో అంటిస్తున్నాను.

మీలో మగ్గమున్న ఇళ్ళ నుంచి వచ్చేవారికి ఈ సంగతి సగం ముందే తెలుసు. చీర అంచులో నెమలిని నేయాలంటే మొదట దాన్ని గ్రాఫ్ కాగితం మీద గీసుకుంటారు. ఆ కాగితంలోని ఒక్కొక్క గడి, పడుగు పోగూ పేక పోగూ కలిసే ఒక్కొక్క చోటికి గుర్తు. రంగు నింపిన గడి దగ్గర పోగు పైకి లేవాలని, ఖాళీ గడి దగ్గర లేవకూడదని అర్థం. చీర కట్టుకున్న మనిషి నాలుగడుగుల దూరంలో నిలబడితే నెమలి మెడ ఎంతో నున్నగా వంపు తిరిగినట్లుంటుంది. అదే చీరను కంటికి ఆనించుకుని చూడండి, ఆ వంపు మెట్లు మెట్లుగా ఉంటుంది. డిజిటల్ ఫొటో కూడా అలాంటి గళ్ళ కాగితమే. అందులోని ఒక్క గడిని పిక్సెల్ అంటారు. బొమ్మ అనే అర్థమున్న 'పిక్చర్', భాగం అనే అర్థమున్న 'ఎలిమెంట్' అనే ఇంగ్లీషు మాటలను కుదించి కలిపితే వచ్చిన పేరు అది.

అయితే చీరలో ఉన్నది పోగు, ఫొటోలో ఉన్నది అంకె. కెమెరా లోపల, కటకం వెనుక, వేలిగోరంత కూడా ఉండని ఒక పలకపై వెలుతురును కొలిచే లక్షలాది సూక్ష్మమైన అరలు వరుసలు కట్టి ఉంటాయి. మీట నొక్కిన క్షణంలో ఏ అర మీద ఎంత వెలుతురు పడిందో కొలిచి, ఫోను ప్రతి పిక్సెల్‌కూ మూడు అంకెలు రాసుకుంటుంది: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. మన ఫొటోలో గండికోట ఎర్రరాయి మీది ఒక పిక్సెల్‌ను తీసుకుంటే 176, 98, 70 లాంటి అంకెలుంటాయి. నీలాకాశంలోని పిక్సెల్‌లో నీలం అంకె పెద్దది, ఎరుపు అంకె చిన్నది. మూడింటికీ 256 విలువల చొప్పున లెక్కవేస్తే 1,67,77,216 రంగులు వస్తాయి. నమ్మకం కుదరకపోతే 256 × 256 × 256 గుణించి చూడండి, లెక్కల సార్ సంతోషిస్తారు.

నా ఫోను తీసే ఫొటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్ళు ఉంటాయి. అంటే మొత్తం 1,20,00,000. దుకాణంలో "12 మెగాపిక్సెల్" అని చెప్పేది దీన్నే. కోటీ ఇరవై లక్షల గళ్ళున్న ఫొటోలో ఒక ముఖం కనబడకపోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. అసలు విషయం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

ఆ పిల్లవాడు నాకు దాదాపు 60 మీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరంలో నా ఫోనుకు పక్క నుంచి పక్కకు సుమారు 80 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఆ 80 మీటర్లను 4000 గళ్ళకు పంచితే ఒక్కో గడికి వచ్చేది 2 సెంటీమీటర్లు. పిల్లవాడి ముఖం 16 సెంటీమీటర్ల వెడల్పు, 22 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే, దాని వాటాకు వచ్చేవి అడ్డంగా 8, నిలువుగా 11, మొత్తం 88 గళ్ళు. కోటీ ఇరవై లక్షల్లో ఎనభై ఎనిమిది! కన్ను పొడవు 3 సెంటీమీటర్లు, అంటే గడిన్నర. ఆ గడిన్నరలోనే కనుగుడ్డు నలుపు, తెల్లగుడ్డు తెలుపు, రెప్ప, చర్మం అన్నీ ఇమడాలి. ఒక గడిలో ఒకే రంగు ఉండగలదు కాబట్టి, అందులో పడిన వెలుతురంతా కలిసిపోయి ఒక మధ్యరకం గోధుమరంగు మిగిలింది. జొన్నపిండీ రాగిపిండీ కలిపి సంగటి కెలికిన తర్వాత ఏది ఏ గింజో వేరు చేయలేనట్లే, ఆ రంగులోంచి కన్నును మళ్ళీ బయటకు తీయలేం.

ఇప్పుడు గళ్ళు ఎందుకు కనబడ్డాయో చూద్దాం. ఫొటోను మామూలుగా చూసేటప్పుడు ఒక్కో పిక్సెల్ మన కంటికి ఆనలేనంత చిన్నగా ఉంటుంది, అందువల్ల పక్కపక్క గళ్ళు కలిసిపోయి బొమ్మ నున్నగా తోస్తుంది. జూమ్ చేసినప్పుడు ఫోను మళ్ళీ గండికోటకు వెళ్ళి చూసి రాదు. తన దగ్గరున్న ఆ 88 పిక్సెళ్ళ అంకెలనే తెరలోని ఎక్కువ చోటులో పరుస్తుంది, అంటే ఒక్క పిక్సెల్ రంగును తెర మీది ఎన్నో చుక్కలకు పూస్తుంది. అలా పూసిన చోటే మీకు చదరంగా కనిపించింది. కొన్ని ఫోన్లలో ఇలా చదరాలు రాకుండా, పక్క గడి రంగులోకి మెల్లగా కలిసేటట్లు పూస్తారు. అప్పుడు గళ్ళకు బదులు మసక కనిపిస్తుంది. మసకైనా గళ్ళయినా లోపలున్న సమాచారం అంతే, నాకైతే గళ్ళే నిజాయితీగా అనిపిస్తాయి.

మీ ఇళ్ళకు నేను ఫోన్‌లో పంపిన ప్రతిలో ముఖం ఇంకా అధ్వానంగా ఉందని ఇద్దరు చెప్పారు. పంపేటప్పుడు ఫొటో 1600 × 1200కు కుదించుకుపోయింది. ఆ లెక్కన ముఖానికి మిగిలినవి అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గళ్ళు.

ఈ గళ్ళ పద్ధతి మీ తాతల కాలం నాటిది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు, నెలల పిల్లవాడైన తన కొడుకు ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అందులో ఉన్నవి 176 × 176, అంటే 30,976 గళ్ళు మాత్రమే. గళ్ళను చదరంగా పెట్టినందుకు చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నొచ్చుకున్నాడు.

ఇక మీ పని. గళ్ళ నోటుపుస్తకంలో 8 × 8 గళ్ళ చదరం గీసి, కింది అంకెల్లో 1 ఉన్నచోట పెన్సిల్‌తో నల్లగా నింపండి, 0 ఉన్నచోట వదిలేయండి.

```
00111100
01000010
10000001
10000001
10000001
10000001
01000010
00111100
```

దగ్గర నుంచి చూస్తే అది మెట్లున్న గడుల వరుస. ఆ పుటను గోడకు అంటించి పదిహేనడుగులు వెనక్కి నడిస్తే సున్న అవుతుంది. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రనివి కాబట్టి మీ పేరులోని మొదటి అక్షరాన్ని కూడా ఇలాగే ప్రయత్నించండి. 8 × 8 చాలకపోతే 16 × 16 తీసుకోండి, ఎన్ని గళ్ళకు అక్షరం గుర్తుపట్టేలా వచ్చిందో పక్కన రాయండి. సోమవారం నాలుగో పీరియడ్‌కు తీసుకురండి.

గోడ మీది పిల్లవాడి విషయానికొస్తే, ఆ 88 గళ్ళ కింద చొక్కాకు దక్కిన గళ్ళలో చాలావాటికి నీలం అంకె పెద్దదిగా ఉంది. ఆరోజు మీరు ముప్పై ఆరుగురూ నీలం చొక్కాలే వేసుకున్నారు.

మీ సైన్సు సార్