ఆటోక్లేవ్ సైకిల్, పనిముట్ల శుభ్రత లాగ్: 2025 మే 5 నుంచి 10 వరకు

డెంటల్ క్లినిక్, బ్రాడీపేట, గుంటూరు. చైర్లు 2.
యంత్రం: 18 లీటర్ల క్లాస్ బి ఆటోక్లేవ్, వ్యాక్యూమ్ పంపు, ప్రింటరు ఉన్నది.
రాసేవాళ్లు: సు. (సీనియర్ అసిస్టెంట్), ప. (ఏప్రిల్‌లో చేరిన అసిస్టెంట్). రిలీజ్ సంతకం సు. లేదా మేడం మాత్రమే.

అట్ట లోపల అంటించిన కాగితం, ప. కోసం మళ్లీ రాశాను:

లోడ్ నంబరు అంటే తేదీ, గీత, ఆ రోజు ఎన్నో లోడ్. మే 5న రెండో లోడ్ 05-2. ఈ నంబరు ప్రతి పౌచ్ మీద, ప్రింటరు స్లిప్ మీద, పేషెంట్ కార్డు మీద ఉండాలి. పౌచ్ మీద రాసేటప్పుడు ప్లాస్టిక్ వైపే రాయాలి. కాగితం వైపు రాస్తే సిరా లోపలికి దిగుతుంది.
ఎ సైకిల్: 134 డిగ్రీలు, 4 నిమిషాలు, ఆరబెట్టడం 15 నిమిషాలు. పౌచ్‌లో పెట్టినవన్నీ, హ్యాండ్‌పీస్‌లు.
బి సైకిల్: 121 డిగ్రీలు, 20 నిమిషాలు. 134 తట్టుకోని రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులు.
స్లిప్‌లో ఎ సైకిల్ వేడి 134 కంటే తగ్గకూడదు, 137 దాటకూడదు. ప్రెషర్ 2.1 బార్ దగ్గర ఉండాలి.
స్లిప్, లోపలి క్లాస్ 5 స్ట్రిప్, పొడి పౌచ్. మూడూ కళ్లతో చూశాకే సంతకం.

5-5-2025, సోమవారం

8:50 – లీక్ టెస్ట్. 10 నిమిషాల్లో ప్రెషర్ 5 మిల్లీబార్లు పెరిగింది. హద్దు 13. పాస్.
9:15 – వార్మప్ సైకిల్, తర్వాత హెలిక్స్ టెస్ట్. స్ట్రిప్‌లో నాలుగు గడులూ నల్లగా మారాయి. పాస్.
ట్యాంకులో డిస్టిల్డ్ వాటర్ మార్చాను. పెన్‌తో చూస్తే టీడీఎస్ 3.

లోడ్ 05-1, 10:05, ఎ సైకిల్. మిర్రర్, ప్రోబ్, ట్వీజర్ సెట్లు 9, హ్యాండ్‌పీస్‌లు 3. వేడి 134.6 నుంచి 135.3. స్ట్రిప్ ఓకే. పొడి. రిలీజ్: సు.

లోడ్ 05-2, 12:10, ఎ సైకిల్. పన్ను తీసే ఫోర్సెప్స్ 5, ఎలివేటర్లు 4, స్కేలర్ టిప్‌లు 6. స్పోర్ టెస్ట్ వయల్ మధ్య ట్రేలో, పౌచ్‌ల నడుమ పెట్టాను. 134.5 నుంచి 135.2. స్ట్రిప్ ఓకే. పొడి. రిలీజ్: సు.
వయల్, దానితో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టని కంట్రోల్ వయల్ (ఒకే బ్యాచ్) 1:10కి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. రేపు 1:10కి చూడాలి.

శుభ్రత గురించి: పై దవడ మోలార్ ఫోర్సెప్స్ ఒకటి అల్ట్రాసోనిక్ నుంచి బయటికి వచ్చాక భూతద్దం కింద చూస్తే కీలు సందులో వెంట్రుక మందాన నల్లటి గీత ఉంది. మొదట తుప్పు అనుకున్నాను. ఎంజైమ్ నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, నోరు తెరిచి పట్టుకుని సన్న బ్రష్‌తో రుద్దితే నీళ్లలోకి గోధుమరంగు దిగింది. ఎండిన రక్తమే. కారణం ఫోర్సెప్స్ నోరు మూసి అల్ట్రాసోనిక్‌లో వేయడం. ప.కి చూపించాను. కీలు ఉన్నది ఏదైనా తెరిచే వేయాలి, పౌచ్‌లోనూ తెరిచే పెట్టాలి.

6-5-2025, మంగళవారం

9:10 – హెలిక్స్ పాస్.

లోడ్ 06-1, 9:50, ఎ. చెకప్ సెట్లు 10. ఓకే. రిలీజ్: సు.
లోడ్ 06-2, 12:30, ఎ. హ్యాండ్‌పీస్‌లు 4 (నూనె కొట్టి, ఎక్కువైన నూనె కారనిచ్చి పౌచ్ చేశాం), చెకప్ సెట్లు 6. ఓకే. రిలీజ్: సు.

లోడ్ 06-3, 4:05, ఎ. ఫోర్సెప్స్ 4, క్యూరెట్లు 6, సూచర్ సెట్లు 2. రద్దు.
4:31కి కరెంటు పోయింది. స్లిప్ ప్రకారం అప్పటికి 134లో 1 నిమిషం 50 సెకన్లు మాత్రమే నిలబడింది. ఆటోక్లేవ్ ఇన్వర్టర్ మీద లేదు, పెట్టినా లాగదు. 5:20కి కరెంటు వచ్చింది.
తలుపు తీశాక ప. "అక్కా, బాణం గుర్తు గోధుమరంగుకి వచ్చేసింది కదా, వాడొచ్చు కదా" అంది. నిజమే, పౌచ్ బయట బాణాలన్నీ మారిపోయాయి. ఒక పౌచ్ చించి లోపలి క్లాస్ 5 స్ట్రిప్ చూపించాను. నల్లరంగు రిజెక్ట్ గడిలోనే సగంలో ఆగిపోయింది. బయటి బాణం ఆవిరి తగిలిందని చెబుతుంది, అంతవరకే. 12 పౌచ్‌లూ చించి పారేశాం. పాత పౌచ్‌లో మళ్లీ పెట్టలేదు. సరుకంతా కొత్త పౌచ్‌ల్లో 06-4గా 5:40కి పెట్టాను. 134.5 నుంచి 135.4. స్ట్రిప్ ఓకే. రిలీజ్: సు.

స్పోర్ టెస్ట్, 1:10: టెస్ట్ వయల్ ఊదా రంగులోనే ఉంది. పాస్. – ప.

ఆర్‌సీటీ ఫైల్స్ చూశాను. 25 నంబరు ఫైలు ఒకటి మెలికలు విడిపోయి ఉంది. తెల్ల డబ్బాలో పడేశాను.

7-5-2025, బుధవారం

9:00 – పై మంగళవారం స్పోర్ టెస్ట్ ఎంట్రీ చెల్లదు. – సు.
ప. టెస్ట్ వయల్ ఒక్కటే చూసింది. ఇవాళ పొద్దున నేను రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కంట్రోల్ వయల్ కూడా ఊదాగానే ఉంది. అది పసుపుకి రావాలి, ఎందుకంటే అందులో స్పోర్లు బతికే ఉన్నాయి. అది కూడా ఊదాగా ఉంటే ఇంక్యుబేటర్ పని చేయలేదని అర్థం. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది, 56 డిగ్రీలు ఉండాల్సింది. ప్లగ్ ఊడి, ఆ సాకెట్‌లో ఫోన్ చార్జర్ ఉంది. సోమవారం రాత్రి ఊడ్చేటప్పుడు ఆయమ్మ తీసిందట. అడిగితే నిజం చెప్పింది, తిట్టలేదు. సాకెట్ మీద ఎర్ర టేపు అంటించాను.

ప. ఎంట్రీ కొట్టేయలేదు, అడ్డంగా ఒక గీత గీశాను. కింద ఉన్నది కనపడాలి.

చివరి నిజమైన పాస్ ఏప్రిల్ 28 అని లాగ్‌లో ఉంది. మేడంకి 9:20కి చెప్పాను.

మేడం రాసింది: "సోమ, మంగళవారాల్లో రిలీజ్ చేసిన లోడ్లన్నింటికీ స్లిప్‌లు, క్లాస్ 5 స్ట్రిప్‌లు నేను మళ్లీ చూశాను, సరిగా ఉన్నాయి. టెస్ట్ ఫెయిల్ కాలేదు, అసలు జరగలేదు. అందుకని మామూలు పనులు ఆపడం లేదు. ఇవాళ్టి మొదటి లోడ్‌లో మళ్లీ స్పోర్ టెస్ట్ పెట్టండి. ఇవాళ సాయంత్రం ఇంప్లాంట్ సర్జరీ మాత్రం చేయను. ఆ సెట్ స్పోర్ రిజల్ట్ వచ్చేదాకా బయటికి రాకూడదు. పేషెంట్‌కి నేనే ఫోన్ చేసి రేపు సాయంత్రానికి మార్చాను."

పేషెంట్ తెనాలి నుంచి వస్తారు, సెలవు కూడా పెట్టుకున్నారు. ఆయనకి కోపం వచ్చిందని మేడం తర్వాత చెప్పారు.

9:35 – హెలిక్స్ పాస్.
లోడ్ 07-1, 10:15, ఎ. ఇంప్లాంట్ సర్జికల్ సెట్ 1, చెకప్ సెట్లు 5, స్పోర్ వయల్. 134.7 నుంచి 135.3. స్ట్రిప్ ఓకే. పొడి. చెకప్ సెట్లు రిలీజ్: సు. ఇంప్లాంట్ సెట్ మీద ఎర్ర స్టిక్కర్, మేడం గది అల్మరాలో. హోల్డ్.
టెస్ట్, కంట్రోల్ వయల్స్ 11:20కి ఇంక్యుబేటర్‌లో. వేడి 56, నేనే చూశాను. సాయంత్రం వెళ్లేముందు మళ్లీ చూశాను, 56.

లోడ్ 07-2, 3:30, బి సైకిల్. రబ్బరు, ప్లాస్టిక్ సామాను. ఓకే. రిలీజ్: సు.

8-5-2025, గురువారం

9:10 – హెలిక్స్ పాస్.

లోడ్ 08-1, 10:00, ఎ. చెకప్ సెట్లు 8, స్కేలర్ టిప్‌లు 5. ఓకే. రిలీజ్: సు.

11:25 – స్పోర్ టెస్ట్ 07-1: టెస్ట్ వయల్ ఊదా, కంట్రోల్ వయల్ పసుపు. పాస్. ఇద్దరం కలిసి చూశాం. ప. కూడా సంతకం చేసింది. ఇంప్లాంట్ సెట్ రిలీజ్: మేడం, 11:40. సాయంత్రం 5:30కి వాడారు, పేషెంట్ కార్డులో 07-1 రాశాను.

లోడ్ 08-2, 1:15, ఎ. పౌచ్‌లు 16. మూడు పౌచ్‌లు తడి. లోపల నీటి చుక్కలు కనపడుతున్నాయి. తడి పౌచ్ అంటే కాగితం గుండా బయటి సూక్ష్మజీవులు లోపలికి దిగే దారి తెరిచినట్టే. పొడి బట్టతో తుడిచి వాడే పని లేదు. ట్రేలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. మధ్యాహ్నం తొందరలో నేనే పెట్టాను, ప. కాదు. 13 రిలీజ్: సు. మూడూ కొత్త పౌచ్‌ల్లో తర్వాతి లోడ్‌కి.

లోడ్ 08-3, 4:20, ఎ. తడి మూడు, హ్యాండ్‌పీస్‌లు 4, పన్ను తీసే సెట్లు 7. నిలబెట్టి, మధ్యలో వేలు పట్టే సందు వదిలి పెట్టాను. 134.5 నుంచి 135.2. స్ట్రిప్ ఓకే. ఈసారీ ఒక పౌచ్ అంచు చెమ్మగా ఉంది, దాన్ని పక్కన పెట్టాను. మిగతావి రిలీజ్: సు. సరిగా పెట్టినా తడి రావడం నచ్చలేదు. రేపు లీక్ టెస్ట్ చేస్తాను, సోమవారం దాకా ఆగను.

9-5-2025, శుక్రవారం

8:40 – లీక్ టెస్ట్: 10 నిమిషాల్లో 18 మిల్లీబార్లు. ఫెయిల్.
9:05 – హెలిక్స్: చివరి గడి లేత బూడిద రంగులోనే ఉంది. ఫెయిల్. ఆటోక్లేవ్ తలుపు మీద "వాడవద్దు" కాగితం. మేడంకి చెప్పాను.

తలుపు రబ్బరు గ్యాస్కెట్ మీద వేలు తిప్పి చూస్తే కింద ఎడమ మూల దగ్గర గరగరలాడింది. టార్చ్ వేశాం. గోరంత పౌచ్ కాగితం ముక్క అతుక్కుని ఉంది, దాని చుట్టూ పంటి గారలాంటి తెల్లటి పొర. పొర ఎక్కడిదని ట్యాంకు నీళ్లు చూస్తే టీడీఎస్ 61. సోమవారం 3 ఉంది. మంగళవారం డిస్టిల్డ్ క్యాన్ అయిపోతే ప. తాగే ఆర్‌ఓ నీళ్లు పోసిందట. "ఆర్‌ఓ కూడా శుద్ధమైన నీళ్లే కదా అక్కా" అంది. తాగడానికి శుద్ధమే. ఆవిరైపోతే అందులో ఉప్పు ఇక్కడే మిగులుతుంది. కానీ ఆ పొరంతా మూడు రోజుల్లో వచ్చింది కాదు, అంతకుముందు నుంచే ఉండాలి. గ్యాస్కెట్ వారానికోసారి తుడవాలని రాసుకున్నా ఏప్రిల్‌లో రెండు వారాలు నేను టిక్ పెట్టలేదు. పేజీ తిప్పి చూసుకున్నాను.

ట్యాంకు ఖాళీ చేసి, డిస్టిల్డ్‌తో రెండుసార్లు కడిగాం. గ్యాస్కెట్, తలుపు అంచు మెత్తటి బట్ట, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచాం. బ్లేడుతో గీకలేదు.
11:10 – లీక్ టెస్ట్: 6. పాస్.
11:35 – వార్మప్, హెలిక్స్: నాలుగు గడులూ నలుపు. పాస్. 12:10కి మరోసారి, పాస్.

మేడం: "నిన్న పొద్దుటి హెలిక్స్ తర్వాత వచ్చిన లోడ్లన్నీ వెనక్కి తీయండి. లీక్ ఎప్పుడు మొదలైందో మనకి తెలీదు."

షెల్ఫ్ నుంచి తీసినవి: 08-1లో 4, 08-2లో 9, 08-3లో 12. మొత్తం 25. హ్యాండ్‌పీస్‌లు నాలుగూ వాడకుండానే దొరికాయి, సన్న గొట్టం ఉన్నవి కాబట్టి నాకు వాటి గురించే ఎక్కువ టెన్షన్. వాడేసినవి 14: చెకప్ సెట్లు 8, స్కేలర్ టిప్‌లు 5, పన్ను తీసే సెట్ 1. పన్ను తీసే సెట్ నిన్న 7:30కి వాడారు, అది గొట్టం లేని గట్టి పనిముట్లు, స్లిప్, స్ట్రిప్ ఓకే. అన్ని కార్డుల్లోనూ మేడం నోట్ రాశారు, పన్ను తీయించుకున్న పేషెంట్‌తో స్వయంగా మాట్లాడారు.

లోడ్లు 09-1 (12:50), 09-2 (2:30), ఎ. వెనక్కి తీసిన 25, నిన్న చెమ్మ వచ్చినది 1, అన్నీ కొత్త పౌచ్‌లు, 13 చొప్పున. 09-1లో స్పోర్ వయల్. రెండూ పొడి, స్ట్రిప్‌లు ఓకే. రిలీజ్: మేడం. మధ్యాహ్నం అపాయింట్‌మెంట్లు మూడు సాయంత్రానికి జరిపాం.

10-5-2025, శనివారం

9:05 – లీక్ టెస్ట్ 6, హెలిక్స్ పాస్.
లోడ్ 10-1, 9:55, ఎ. చెకప్ సెట్లు 9. ఓకే. రిలీజ్: సు.
అల్ట్రాసోనిక్ ఫాయిల్ టెస్ట్: అల్యూమినియం కాగితమంతా సమంగా చిల్లులు పడింది. పాస్.
1:55 – స్పోర్ టెస్ట్ 09-1: టెస్ట్ ఊదా, కంట్రోల్ పసుపు. పాస్. – ప., సు.
లోడ్ 10-2, 4:10, ఎ. హ్యాండ్‌పీస్‌లు 4, ఫోర్సెప్స్ 5. ఓకే, పొడి. రిలీజ్: సు.

సోమవారానికి: కొత్త గ్యాస్కెట్ వస్తుంది, మార్చాక లీక్ టెస్ట్ మూడుసార్లు. డిస్టిల్డ్ క్యాన్లు 4 తెప్పించాను, ఆటోక్లేవ్ పక్కనే పెట్టాను, ఆర్‌ఓ క్యాన్ వంటగదికి మార్చాను. ఇంక్యుబేటర్ వేడి కోసం పేజీలో ఒక గడి కొత్తగా గీశాను, పొద్దున ఒకసారి, వెళ్లేముందు ఒకసారి.

సంతకాలు: సు., ప.
చూశాను: మేడం, 10-5-2025, సాయంత్రం 7:40.