ఏప్రిల్ 1 నుంచి చెక్కులు తీసుకోం: నివాసులందరికీ సవరించిన నోటీసు

తేదీ: 2026 జనవరి 12
ఎ, బి, సి బ్లాకుల ఫ్లాట్ల యజమానులకు, అద్దెకు ఉంటున్నవారికి

2026 ఏప్రిల్ 1 నుంచి మన సంఘానికి కట్టాల్సిన ఏ డబ్బుకూ చెక్కు తీసుకోం. మెయింటెనెన్స్, నీటి బిల్లు, పార్కింగ్, హాలు అద్దె, పాత బకాయిలు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఆ రోజు నుంచి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయాలి, లేదా పేమెంట్ యాప్, కార్డు లాంటి డిజిటల్ పద్ధతుల్లో కట్టాలి. చివరి చెక్కు తీసుకునేది మార్చి 31, మంగళవారం, సాయంత్రం 5 గంటల వరకు.

పోయిన నెల లిఫ్టుల పక్కన అంటించిన నాలుగు లైన్ల నోటీసు ఈ రోజుతో రద్దు. "ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్కులు స్వీకరించబడవు, ఉల్లంఘించినవారిపై తగు చర్య తీసుకోబడును" అని అందులో ఉంది. ఎప్పటి నుంచో లేదు, ఎందుకో లేదు, చెక్కు బదులు ఏం చేయాలో అసలే లేదు. అది చదివిన సి బ్లాకు పెద్దాయన ఒకరు డిసెంబరు చెక్కు చేత్తో పట్టుకుని ఆఫీసు గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది తీసుకుంటారా, లేక నా మీద కూడా చర్య ఉందా?" అని అడిగారు. ఆ నోటీసు రాసింది నేనే. ఏళ్ల తరబడి తప్పకుండా కడుతున్నవారితో మాట్లాడాల్సిన తీరు అది కాదు. మన్నించండి. ఆయన చెక్కు తీసుకున్నాం, రసీదు కూడా ఇచ్చాం.

ఎందుకు ఆపుతున్నాం

చెక్కులు కట్టేవాళ్ల మీద అనుమానంతో కాదు. నిరుడు మనకు పదకొండు చెక్కులు వెనక్కి వచ్చాయి. ఖాతాలో డబ్బు లేక వచ్చింది అందులో ఒక్కటే. మిగతావన్నీ చిన్న చిన్న విషయాలు. సంతకం బ్యాంకులో ఉన్నదానితో కలవలేదు. అంకెల్లో రాసిన మొత్తం ఒకటి, అక్షరాల్లో రాసింది మరొకటి. జనవరిలో అలవాటు కొద్దీ పాత సంవత్సరం వేసేశారు. కంటి ఆపరేషన్ తర్వాత చెయ్యి కాస్త వణకడంతో ఒకామె సంతకం రెండుసార్లు తిరిగొచ్చింది. డబ్బు నిండుగా ఉండీ రెండుసార్లు ఫైను కట్టారు. ఆ ఫోను చేసి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాకే ఇబ్బందిగా ఉండేది.

ఇక మా పని సంగతి. బాక్సులో పడిన చెక్కులు తీయాలి, పుస్తకంలో ఎక్కించాలి, వెనక ఖాతా నంబరు రాయాలి, బ్యాంకుకు తీసుకెళ్లాలి, జమ అయిందో లేదో మళ్లీ చూడాలి. లిఫ్టు రిపేరు వాళ్లకు డబ్బివ్వాల్సిన రోజున మన డబ్బు క్లియరింగ్‌లో ఉండిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇది మన ఒక్కరికే పుట్టిన ఆలోచన కూడా కాదు. డెన్మార్క్‌లో బ్యాంకుల మధ్య చెక్కుల క్లియరింగ్ 2017 జనవరి 1 నుంచే లేదు. దక్షిణాఫ్రికాలో 2020 డిసెంబరు 31తో చెక్కులకు కాలం చెల్లింది. న్యూజిలాండ్‌లో పెద్ద బ్యాంకులన్నీ 2021కల్లా ఆపేశాయి. అక్కడ దేశం మొత్తం అలవాటు మార్చుకుంది, మనం మూడు బ్లాకుల వాళ్లం.

చేతిలో ఉన్న చెక్కుల సంగతి

ఎక్కువ ప్రశ్నలు ఇక్కడే వచ్చాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మార్చి 31 సాయంత్రం 5 లోపు ఆఫీసులో ఇచ్చిన చెక్కు, దాని మీద తేదీ ఆ రోజుదో అంతకు ముందుదో అయితే, చెల్లుతుంది. బ్యాంకులో జమ అయ్యేది ఏప్రిల్‌లో అయినా పర్వాలేదు. మీరు ఇచ్చిన రోజే లెక్క. పోస్టులో పంపేవారు మాత్రం మార్చి 31 నాటికి మాకు చేరేలా పంపండి; పోస్టు చేసిన తేదీని లెక్కలోకి తీసుకోం. గేటు దగ్గరి చెక్కుల బాక్సును ఆ సాయంత్రమే చివరిసారి తెరిచి, తీసేస్తాం. ఆ తర్వాత వాచ్‌మన్ చేతికి కవరు ఇవ్వకండి. పాపం, అతను కాదనలేడు.

మార్చి 31లోపు ఇచ్చిన చెక్కు తర్వాత వెనక్కి వస్తే, దాని బదులు ఇంకో చెక్కు తీసుకోం. ఆ మొత్తాన్ని ట్రాన్స్‌ఫర్ చేయాలి.

ఏడాదికి సరిపడా ముందు తేదీలు వేసి చెక్కులు ఇచ్చిపెట్టిన ఫ్లాట్లు తొమ్మిది ఉన్నాయి. ఏప్రిల్, ఆ తర్వాతి తేదీలున్న చెక్కులను బ్యాంకులో వేయం. వచ్చి తీసుకెళ్లండి. రాలేనివారు చెబితే, మీ ఎదుటే అడ్డంగా రెండు గీతలు గీసి, రద్దు అని రాసి, ఇంటికే తెచ్చిచ్చి సంతకం తీసుకుంటాం. ఎవరి చెక్కునూ మేమే చించి పారేయం.

చెక్కులతో పాటు నగదు, డిమాండ్ డ్రాఫ్టులు కూడా ఏప్రిల్ 1 నుంచి ఉండవు.

ఎలా కట్టాలి

మూడు దారులున్నాయి. మీ బ్యాంకు నుంచి సంఘం ఖాతాకు ట్రాన్స్‌ఫర్ చేయవచ్చు, నెట్ బ్యాంకింగ్‌లోనైనా, బ్రాంచికి వెళ్లి ఫారం నింపి అయినా. ఫోన్‌లో పేమెంట్ యాప్ వాడేవారు బిల్లు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయవచ్చు. కార్డుతో కట్టాలనుకుంటే ఆఫీసులో మిషన్ ఉంది.

సంఘం ఖాతా నంబరు ఈ నోటీసులో కావాలనే వేయలేదు. గోడ మీది కాగితాన్ని ఎవరైనా మార్చి అంటించవచ్చు, ఫోటోను ఎవరైనా దిద్ది పంపవచ్చు. ఫిబ్రవరి బిల్లు నుంచి ప్రతి బిల్లు వెనక వైపు కింది గడిలో ఖాతా వివరాలు, క్యూఆర్ కోడ్ ఉంటాయి. అవే వివరాలు ఆఫీసు లోపల అద్దం వెనక కూడా పెట్టాం. రెండూ కలిశాయో లేదో ఒకసారి చూసుకోండి. ఖాతా నంబరును అంకె అంకెకూ సరిచూడండి, ఎందుకంటే చాలా బ్యాంకుల్లో డబ్బు నంబరును బట్టే వెళ్తుంది, మీరు రాసిన పేరును బట్టి కాదు. వేరే ఖాతాకు వెళ్లిన డబ్బును వెనక్కి తెప్పించడం పెద్ద తలనొప్పి. మొదటిసారి చిన్న మొత్తం పంపి, అందిందని మేం చెప్పాక మిగతాది పంపినా మంచిదే.

కొత్త ఖాతాను చేర్చిన మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులున్నాయి. బకాయి ఎక్కువ ఉన్నవారు గడువు రోజు రాత్రి దాకా ఆగకుండా, రెండు మూడు రోజుల ముందే ఖాతా చేర్చి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్లాటు నంబరు. చెక్కు మీద పేరుండేది, వెనక ఫ్లాటు నంబరు రాసేవారు. ట్రాన్స్‌ఫర్‌లో మీరు రాస్తేనే మాకు తెలుస్తుంది. నవంబరు 5న ఒకే మొత్తం మూడుసార్లు జమ అయింది, మూడింటికీ ఏ వివరమూ లేదు. ఒకటి పట్టుకోవడానికి రెండు రోజులు, రెండోదానికి వారం పట్టింది. మూడోది ఎ బ్లాకు వాళ్లదని, ఊరు కాని ఊళ్లో ఉన్న వాళ్లమ్మాయి పంపిందని తెలిసేసరికి, పాపం వాళ్లకు బకాయి నోటీసు కూడా వెళ్లిపోయింది. అందుకని రిమార్క్స్ అని ఉన్నచోట బ్లాకు, ఫ్లాటు నంబరు, నెల ఇలా టైపు చేయండి:

```
B304 MAR MAINT
```

పిల్లలో, అద్దెకున్నవారో, వేరెవరో మీ తరఫున కట్టినా సరే, రాయాల్సింది ఫ్లాటు నంబరే.

డబ్బు మా ఖాతాలో పడ్డాక రెండు పనిదినాల్లో రసీదు వస్తుంది. స్క్రీన్‌షాట్ పంపితే వెతకడం సులువవుతుంది కానీ, అదే రసీదు కాదు. మీ ఖాతాలో డబ్బు తగ్గి, మాకు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు ఇచ్చిన రిఫరెన్స్ నంబరు మాకు పంపండి. ఇలా మధ్యలో ఆగిన డబ్బు చాలాసార్లు తిరిగి మీ ఖాతాకే వస్తుంది. మీరు గడువులోపే పంపినట్టు కనబడితే ఆలస్య రుసుము వేయం. ఏప్రిల్, మే, జూన్ నెలలకు, కొత్త పద్ధతి వల్ల జరిగిన ఆలస్యానికి కూడా వేయం.

మోసాల గురించి ఒక మాట

ఇలాంటి మార్పు జరుగుతోందని తెలిస్తే మోసగాళ్లకు పండగే. సంఘం ఖాతా మారిందని ఫోనులోనో, మెసేజీలోనో, ఈమెయిల్‌లోనో ఎవరు చెప్పినా నమ్మకండి, అది నా పేరుతో వచ్చినా సరే. ఖాతా ఎప్పుడైనా మారితే సర్వసభ్య సమావేశంలో చెప్పి, బిల్లు మీద అచ్చు వేశాకే మారుతుంది. అనుమానం వస్తే మెసేజీలో ఉన్న నంబరుకు కాకుండా, మీ పాత రసీదు మీదున్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.

మా ఆఫీసు నుంచి ఎవరూ పిన్ గానీ ఓటీపీ గానీ అడగరు. మీకు డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు. "అడ్వాన్సు వాపసు ఇస్తున్నాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి.

స్మార్ట్‌ఫోన్ లేనివారికి

ఫోన్ కొనమని ఎవరినీ అడగడం లేదు. ఇప్పటిదాకా చెక్కు రాసిన ఖాతా నుంచే, మీ బ్రాంచిలో ట్రాన్స్‌ఫర్ ఫారం నింపి కట్టవచ్చు. ప్రతి నెలా ఒక తేదీన తనంతట తానే వెళ్లేలా బ్యాంకుకు ఒకసారి రాసిస్తే, నెలనెలా వెళ్లే పని కూడా ఉండదు. మెయింటెనెన్స్ మొత్తం మారినప్పుడు మాత్రం ఆ సూచన కూడా మార్చుకోవాలి. నెల ముందే గుర్తు చేస్తాం.

జనవరి 17 నుంచి మార్చి 28 వరకు ప్రతి శనివారం ఉదయం 10 నుంచి 12 దాకా ఆఫీసులో ఒకరు కూర్చుని నేర్పిస్తారు. మెట్లు దిగలేనివారు చెబితే ఇంటికే వస్తారు. ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది, మీరే నొక్కాలి. పిన్ కొట్టేటప్పుడు మావాళ్లు పక్కకు తిరుగుతారు. మావాళ్లు మరిచిపోతే మీరే గుర్తు చేయండి, ఏమీ అనుకోరు.

పైన చెప్పిన ఏ దారీ మీకు కుదరకపోతే మార్చి 15లోపు ఆఫీసులో చెప్పండి. మీతో పాటు బ్యాంకుకు వచ్చి, నెలనెలా వెళ్లే ఏర్పాటు చేయించే బాధ్యత కమిటీది.

సంఘం మీకు ఇవ్వాల్సిన డిపాజిట్లు, వాపసులు కూడా ఏప్రిల్ నుంచి ట్రాన్స్‌ఫర్‌లోనే వస్తాయి. అందుకు మీ ఖాతా వివరాలు ఆఫీసు పుస్తకంలో మీ చేత్తోనే రాసి సంతకం చేయండి, మెసేజీలో పంపవద్దు. పుస్తకం రేపటి నుంచి కౌంటరు దగ్గర ఉంటుంది.

కోశాధికారి,
నిర్వహణ కమిటీ తరఫున