లంకమల కథలో ఎవరి పేరేమిటి

మన కథ జరిగేది కడప జిల్లా లంకమల అడవిలో.

కలివికోడి పేరు గుట్టమ్మ. పగలంతా ముళ్లపొదల్లో దాక్కుని రాత్రే తిరుగుతుంది. ఈ జాతి పిట్ట 80 ఏళ్లకు పైగా జాడ లేకుండా పోయి, 1986లో మళ్లీ కనిపించింది. అంత గుట్టు దాచినదానికి ఇంకో పేరు పెట్టబుద్ధి కాలేదు.

ఉడుము పట్టువదలప్ప. బావిగోడను కరుచుకున్నాడంటే జడివానకూ జారడు. (మన ఊళ్లలో అప్పలకు కొదవా!)

నక్కకు మొదట జిత్తులయ్య అనుకున్నాను. పేరులోనే దొంగ బయటపడితే ఇక కథేముంది? అందుకే అవునవునయ్య. ఎవరేమన్నా ‘అవునవునన్నా’ అని తల ఊపుతాడు. ఊపి అటు తిరిగేలోపు చెనిక్కాయల మూట మాయం.

ఎలుగుబంటి తొందరప్ప. తేనెపట్టు కనపడితే చాలు, మూతి పెట్టేస్తాడు. కథ మొదలయ్యేసరికే ఆ మూతి బూరెలా వాచి ఉంటుంది, బొమ్మ వేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

కాకి చాటింపక్క, తాబేలు నిదానమ్మ. వీటికి వివరణ అక్కర్లేదు.

సింహం లేదు. లంకమలలో సింహాలెక్కడివి?